కెమెరా తెరిచి వచ్చేసరికి ఫారం ఖాళీ: ఫోన్‌కు నిజంగా ఎంత ర్యామ్ కావాలి?

స్కాలర్‌షిప్ ఫారం ముప్పావు వంతు నిండింది. పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు, కాలేజీ కోడ్, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ అన్నీ కొట్టడం అయింది. ఇక ఆదాయ ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి. ఫారంలో ఉన్న బటన్ నొక్కి, అక్కడి నుంచే కెమెరా తెరిచి, మంచం మీద పరిచిన కాగితాన్ని ఫొటో తీసి, టిక్ మార్కు నొక్కారు. వెనక్కి వచ్చేసరికి పేజీ ఒక్కసారి తెల్లబడి మళ్లీ మొదటి నుంచి లోడ్ అయింది. కొట్టినవన్నీ పోయాయి, తీసిన ఫొటో కూడా ఫారంలోకి చేరలేదు.

చాలామంది దీనికి నెట్‌నో, వెబ్‌సైట్‌నో తిట్టుకుంటారు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లో ఇలా జరిగితే మాత్రం మొదట అనుమానించాల్సింది ర్యామ్‌నే. ఫోన్‌కు ఎంత ర్యామ్ కావాలన్న ప్రశ్నకు సమాధానం కూడా ఈ చిన్న సంఘటనలోనే ఉంది. ఒక యాప్‌ను వేగంగా నడపడానికి ఎంత ర్యామ్ కావాలని చూస్తే లెక్క తప్పుతుంది. దాదాపు ఏ ఫోనైనా ఒక్క యాప్‌ను నడుపుతుంది. మనం ఒక యాప్ వదిలి మరోదానికి వెళ్లి తిరిగొచ్చినప్పుడు మొదటిది వదిలిన చోటే ఉందా లేదా అన్నదే అసలు కొలత. ర్యామ్‌కు డబ్బు పెట్టేది ఈ తిరుగు ప్రయాణం కోసమే.

ర్యామ్ నిండటం జబ్బు కాదు

సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే ఎనిమిది జీబీ ఫోన్లో కూడా ఐదో ఆరో జీబీ వాడుకలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఏమీ తెరవకుండానే ఇంత ఎందుకు తింటోందని టెన్షన్ పడి, క్లీనర్ యాప్ ఒకటి వేసుకుంటారు. నిజానికి ఆండ్రాయిడ్ కావాలనే ర్యామ్‌ను నింపి ఉంచుతుంది. మీరు వాడి పక్కన పెట్టిన యాప్‌లను తీసేయకుండా అలాగే అట్టిపెడుతుంది. స్టోరేజీ నుంచి ఒకసారి చదివిన ఫైళ్లను కూడా మళ్లీ అవసరం పడతాయేమోనని ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అవసరం పడిన క్షణంలో ఖాళీ చేయగలిగితే చాలు.

కంప్యూటర్‌కు ఫోన్ తగిలించి, `adb` అనే సాధనంతో లోపల చూసే అలవాటున్నవాళ్లు ఈ తేడాను నేరుగా చూడవచ్చు.

```
adb shell cat /proc/meminfo
```

వచ్చే జాబితాలో పైన మూడు వరుసలు చాలు. `MemTotal` అంటే ఆండ్రాయిడ్ చేతికి వచ్చిన మొత్తం ర్యామ్. `MemFree` అంటే అచ్చంగా ఖాళీగా పడి ఉన్నది. ఇది వంద, రెండు వందల ఎంబీ మాత్రమే కనిపించినా కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది మూడోది, `MemAvailable`. ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టకుండా ఖాళీ చేసి ఇవ్వగలిగేది ఎంతో అది చెబుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. నాలుగు జీబీ అని డబ్బా మీద రాసి ఉన్నా `MemTotal` దగ్గర పూర్తి నాలుగు కనిపించదు. మోడెమ్, గ్రాఫిక్స్, కెమెరా భాగాలు, కెర్నెల్ తమ వాటా ముందే పక్కన పెట్టుకుంటాయి. ఫోన్‌ను బట్టి రెండు వందల నుంచి నాలుగు వందల ఎంబీ దాకా అక్కడే పోతుంది. ఇది మోసం కాదు, అన్ని ఫోన్లలోనూ ఇంతే.

ముందు ఎవరిని తీసేస్తారు?

ర్యామ్ చాలనప్పుడు ఏదో ఒక యాప్‌ను బయటికి పంపాలి. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేసే సేవ పేరు `lmkd`. ఇది ఎంత ర్యామ్ ఖాళీగా ఉందన్న అంకెను మాత్రమే నమ్ముకోదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ర్యామ్ దొరక్క పనులు ఎంతసేపు ఆగిపోతున్నాయో చూసే పద్ధతి కూడా వచ్చింది. ఆగే సమయం హద్దు దాటిందంటే కోత మొదలవుతుంది.

కోతకు ఒక వరుస ఉంటుంది. ప్రతి యాప్‌కూ ఆండ్రాయిడ్ ఒక అంకె కేటాయిస్తుంది. అంకె ఎంత పెద్దదైతే అంత ముందు పోతుంది. ఇప్పుడు తెర మీద మీ చేతిలో ఉన్న యాప్‌కు 0. పాట వినిపిస్తున్న యాప్ లాంటిది, అంటే కనపడకపోయినా ఆగితే మీకు తెలిసిపోయేది, 200 దగ్గర ఉంటుంది. ఐకాన్లు కనిపించే హోమ్ స్క్రీన్‌కు 600. మీరు ఇప్పుడే వదిలొచ్చిన యాప్‌కు 700. అంతకు ముందు వాడి వదిలేసినవన్నీ 900 పైన వరుసగా నిలబడతాయి.

ఈ నాలుగైదు అంకెల్లోనే ఫోన్ ప్రవర్తన చాలావరకు దొరుకుతుంది. ఇప్పుడే వదిలొచ్చిన యాప్‌కు ప్రత్యేకంగా 700 ఇవ్వడం వల్లనే వాట్సాప్ నుంచి యూట్యూబ్‌కు వెళ్లి వెంటనే తిరిగొస్తే తక్కువ ర్యామ్ ఫోన్లో కూడా అన్నీ ఉన్నచోటే ఉంటాయి. మధ్యలో ఇంకో రెండు యాప్‌లు తెరిస్తే మాత్రం ఆ రక్షణ పోయి అది కూడా 900ల వరుసలోకి జారుతుంది. అంటే ర్యామ్ కొనడమంటే ఆ 900ల వరుసలో ఎన్ని యాప్‌లు బతికి ఉంటాయో కొనుక్కోవడం.

హోమ్ బటన్ నొక్కినప్పుడు వాల్‌పేపర్ మాత్రమే కనిపించి, ఐకాన్లు ఒక సెకను తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయనుకోండి. 600 దగ్గర ఉన్న హోమ్ స్క్రీన్‌నే ఆండ్రాయిడ్ తీసేయాల్సి వచ్చిందని చాలావరకు అర్థం. అంటే 900లు, 700 అన్నీ అప్పటికే పోయి ఉంటాయి. కెమెరా తెరవగానే వింటున్న పాట ఆగిపోతే పరిస్థితి ఇంకా ముదిరినట్టు, ఎందుకంటే కోత 200 దాకా వచ్చింది. ర్యామ్ కొరతను ఏ యాప్ సాయం లేకుండా కళ్లతో గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి గుర్తులు లేవు.

ఆ ఫారం దగ్గరికి మళ్లీ వెళ్దాం

నాలుగు జీబీ ఫోన్. పక్కన పెట్టినవి పోగా ఆండ్రాయిడ్‌కు దక్కింది సుమారు 3.7 జీబీ. అందులో సిస్టమ్, గూగుల్ ప్లే సర్వీసెస్, హోమ్ స్క్రీన్, కీబోర్డు, సిమ్ పనులు చూసేవి అన్నీ కలిసి రెండు జీబీకి అటూఇటూగా తీసుకుంటాయి. మిగిలింది 1.7 జీబీ. ఇవి ఫోన్‌ను బట్టి మారే ఉజ్జాయింపు అంకెలే కానీ తూకం ఇలాగే ఉంటుంది.

ఆ 1.7 జీబీలో క్రోమ్ ఉంది. క్రోమ్ ఒకే ముక్కగా నడవదు. బ్రౌజర్ ఒక ప్రాసెస్, ఫారం తెరిచిన ట్యాబ్ మరో ప్రాసెస్. రెండూ కలిసి మూడు, నాలుగు వందల ఎంబీ తీసుకుంటాయి. ఇందాక ఓటీపీ కోసం చూసిన మెసేజీల యాప్, వాట్సాప్ కూడా వెనకాల ఉన్నాయి. ఇప్పటిదాకా ఇబ్బంది లేదు.

అప్‌లోడ్ బటన్ నొక్కగానే ఫైల్ ఎంచుకునే తెర వచ్చింది. అది క్రోమ్‌లో భాగం కాదు, వేరే యాప్. అక్కడి నుంచి కెమెరా తెరిచారు. కెమెరా యాప్ చూడటానికి చిన్నదే కానీ ర్యామ్ దగ్గర చాలా ఆకలిగలది. ఎందుకో లెక్క వేసి చూడవచ్చు. 50 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. కంప్రెస్ కాకముందు అలాంటి ఒక్క ఫ్రేమ్‌కు పిక్సెల్‌కు ఒకటిన్నర బైటు చొప్పున దాదాపు 19 ఎంబీ కావాలి. ఫొటో బాగా రావడానికి ఇప్పటి కెమెరాలు ఒక్క ఫ్రేమ్‌తో సరిపెట్టుకోవు. బటన్ నొక్కకముందు నుంచే కొన్ని ఫ్రేములు చేతిలో ఉంచుకుని కలుపుతాయి. పది ఫ్రేములంటే 190 ఎంబీ. దానిపైన యాప్, కెమెరా డ్రైవర్లు, ఫొటోను శుభ్రం చేసే పని అదనం. అన్నీ కలిపి కొన్ని వందల ఎంబీ ఒక్కసారిగా, అర సెకనులో కావాలంటుంది. మెల్లమెల్లగా అడిగితే ఆండ్రాయిడ్ సర్దుకునేది. ఒక్క ఉదుటున అడిగేసరికి కోత తప్పదు.

మొదట వాట్సాప్, మెసేజీలు పోయాయి. చాలలేదు. ఫైల్ ఎంచుకునే తెర మధ్యలో వచ్చింది కాబట్టి క్రోమ్‌కు ‘ఇప్పుడే వదిలొచ్చిన యాప్’ అన్న హోదా కూడా గట్టిగా లేదు. ట్యాబ్ ప్రాసెస్ పోయింది. మీరు కొట్టిన అక్షరాలు ఉన్నది ఆ ప్రాసెస్ ర్యామ్‌లోనే, సర్వర్‌కు ఇంకా పంపలేదు. అందుకే తిరిగొచ్చేసరికి క్రోమ్ ఉంది, చిరునామా ఉంది, లోపల మాత్రం కొత్తగా లోడ్ అయిన ఖాళీ ఫారం. ఫొటో వచ్చి చేరాల్సిన పేజీయే లేదు కాబట్టి అదీ గాలిలో కలిసింది.

ఆరు జీబీ ఫోన్లో ఇదే పని చేస్తే వాట్సాప్, మెసేజీలు పోయే దగ్గరే కోత ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఎనిమిది జీబీలో మామూలుగా అవి కూడా పోవు.

నాలుగు జీబీ ఫోనే చేతిలో ఉంటే దీనికి దారి లేకపోలేదు. ధ్రువపత్రాల ఫొటోలన్నీ ముందే తీసి గ్యాలరీలో పెట్టుకోవాలి. ఆ తర్వాత మిగతా ట్యాబ్‌లు మూసేసి ఫారం మొదలుపెట్టాలి. అప్‌లోడ్ దగ్గర కెమెరా తెరవకుండా, ఉన్న ఫైల్‌నే ఎంచుకోవాలి. ఫైల్ ఎంచుకునే తెర తేలికైనది, ట్యాబ్‌ను బయటికి నెట్టేంత ర్యామ్ అడగదు. ఫారంలో సేవ్ బటన్ ఉంటే అప్‌లోడ్‌కు ముందే నొక్కడం మరీ మంచిది.

వర్చువల్ ర్యామ్: ఎనిమిది ప్లస్ ఎనిమిది పదహారు అవుతుందా?

ప్రకటనల్లో ‘8 జీబీ + 8 జీబీ’ అని పెద్దక్షరాల్లో రాసి పదహారు అని చూపిస్తుంటారు. దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఆండ్రాయిడ్ ఎప్పటి నుంచో చేస్తున్న ఒక పని తెలియాలి. వెనకాల ఉన్న యాప్‌ల సమాచారాన్ని అది ర్యామ్‌లోనే నొక్కి చిన్నది చేసి దాస్తుంది. దీన్ని జెడ్‌ర్యామ్ అంటారు. దుప్పట్లను గట్టిగా మడిచి బీరువాలో పెట్టినట్టు, మామూలుగా రెండు మూడు రెట్లు చోటు కలిసొస్తుంది. `/proc/meminfo` జాబితాలో కింద కనిపించే `SwapTotal` చాలా ఫోన్లలో ఇదే. మళ్లీ ఆ యాప్‌కు వెళ్తే విప్పి ఇస్తుంది. విప్పడానికి ప్రాసెసర్ కొంచెం పని చేయాలి, అంతే. ఇది అందరికీ లాభమే.

వర్చువల్ ర్యామ్ అలాంటిది కాదు. స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్ బదులు వాడుకోవడం అది. రెండింటి వేగం పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది. మధ్యస్థాయి ఫోన్లలో ఉండే ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ ర్యామ్ సెకనుకు పదిహేడు జీబీ దాకా అందించగలదు. యూఎఫ్ఎస్ 2.2 స్టోరేజీ వరసగా చదివితే ఒక జీబీ ఇస్తుంది. చవక ఫోన్లలోని ఈఎంఎంసీ స్టోరేజీ మూడు వందల ఎంబీ లోపే. పైగా యాప్‌లు అడిగేవి వరసగా ఉండవు, ఇక్కడో ముక్క అక్కడో ముక్క. అలా చదివేటప్పుడు స్టోరేజీ వేగం ఇంకా బాగా పడిపోతుంది.

ఎనిమిది జీబీ ఉన్న ఫోన్లో వర్చువల్ ర్యామ్ ఆన్‌లో ఉన్నా లేకపోయినా రోజువారీ వాడకంలో తేడా పట్టుకోవడం కష్టం. దాన్ని ఆపేస్తే కనీసం స్టోరేజీలో చోటు మిగులుతుంది. నాలుగు జీబీ ఫోన్లో, అదీ యూఎఫ్ఎస్ స్టోరేజీ ఉంటే, వెనకాల ఒకటి రెండు యాప్‌లు ఎక్కువసేపు బతకవచ్చు. ఈఎంఎంసీ ఉన్న నాలుగు జీబీ ఫోన్లో మాత్రం ఇది మేలు కన్నా కీడు చేసే ప్రమాదం ఉంది. ఎందుకంటే ర్యామ్ చాలనప్పుడు ఆండ్రాయిడ్ ఇప్పుడు నడుస్తున్న యాప్ కోడ్‌ను కూడా కొంత వదిలేసి, కావాల్సినప్పుడు స్టోరేజీ నుంచి మళ్లీ చదువుకుంటుంది. అసలే రద్దీగా ఉన్న ఆ దారిలోనే వర్చువల్ ర్యామ్ రాకపోకలు కూడా పెడితే కీబోర్డు పైకి రావడానికి రెండు సెకన్లు పడుతుంది, కొట్టిన అక్షరాలు ఆలస్యంగా కనిపిస్తాయి, ఫోన్ ఊరికే వేడెక్కుతుంది. ఆపేసి ఒక రోజు వాడి చూస్తే ఏది నయమో తేలిపోతుంది.

కొనేటప్పుడు చేయాల్సింది సులభం. ప్లస్ గుర్తు తర్వాత ఉన్న అంకెను లెక్కలోకి తీసుకోకూడదు.

మరి ఎంత కావాలి?

మామూలుగా ఒక రోజులో మార్చి మార్చి వాడే యాప్‌లను తీసుకుందాం. వాట్సాప్‌కు రెండు వందల ఎంబీ, ఇన్‌స్టాగ్రామ్‌కు నాలుగు వందలు, యూట్యూబ్‌కు మూడున్నర వందలు, మూడు ట్యాబ్‌లతో క్రోమ్‌కు ఐదు వందలు, యూపీఐ యాప్‌కు రెండున్నర వందలు, మ్యాప్స్‌కు నాలుగు వందలు, పాటల యాప్‌కు నూటయాభై, కెమెరాకు నాలుగు వందలు వేసుకుంటే మొత్తం 2,650 ఎంబీ. ఒక్కో ఫోన్లో ఒక్కోలా ఉంటుంది, వాడేకొద్దీ పెరుగుతుంది కూడా. లెక్క పద్ధతి తెలియడానికి ఇవి చాలు.

నాలుగు జీబీలో సిస్టమ్ పోగా మిగిలేది 1.7 అనుకున్నాం. జెడ్‌ర్యామ్ సర్దుబాటుతో కొంచెం సాగినా ఈ ఎనిమిదింటిలో కొన్ని పోక తప్పదు. అంటే ఫోన్ పనిచేస్తుంది, కానీ వెనక్కి వెళ్లిన రెండోసారో మూడోసారో యాప్ లోగోతో కొత్తగా మొదలవుతుంది. కాల్స్, వాట్సాప్, యూట్యూబ్ మాత్రమే చూసే పెద్దవాళ్లకు ఇది సరిపోతుంది. ఇప్పటికే ఉన్న ఫోన్ అయితే పారేయక్కర్లేదు. కొత్తగా కొనడానికి మాత్రం నాలుగు జీబీ ఇప్పుడు మంచి బేరం కాదు, ఎందుకంటే యాప్‌లూ ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లూ ఏటేటా కొంచెం కొంచెం పెరుగుతాయి గానీ ఫోన్లో ర్యామ్ పెరగదు.

ఆరు జీబీలో సిస్టమ్ కూడా కొంచెం విశాలంగా కూర్చుంటుంది. అది పోగా మూడు జీబీ పైన మిగులుతుంది. పై జాబితా అంతా పడుతుంది, కానీ బొటాబొటిగా. గేమ్ ఆడని వాళ్లకు ఈరోజు ఇది చాలు.

ఎనిమిది జీబీలో ఐదు జీబీ దాకా మిగులుతుంది. పై జాబితా పట్టాక కూడా రెండు జీబీకి పైగా జాగా ఉంటుంది. ఆ జాగా ఎవరికి పనికొస్తుందంటే, క్రోమ్‌లో పదిహేను ట్యాబ్‌లు తెరిచి ఉంచేవాళ్లకు, స్విగ్గీనో ఊబరో నడుస్తుండగా మ్యాప్స్, కాల్స్, యూపీఐ మధ్య తిరుగుతూ ఉండే డెలివరీ, డ్రైవింగ్ వృత్తుల వాళ్లకు, తెరను రెండుగా చీల్చి పక్కన క్లాసు వీడియో, ఇంకో పక్కన నోట్స్ పెట్టుకునే విద్యార్థులకు. తెర చీల్చినప్పుడు రెండు యాప్‌లూ కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఒకదాన్ని తీసేసి సర్దుకునే వీలు లేదు. నాలుగైదేళ్లు వాడదామనుకుని కొనే ఎవరికైనా నా మాట ఎనిమిదే. ఒకే మోడల్లో ఆరు, ఎనిమిది రెండూ ఉండి తేడా వెయ్యి, రెండు వేలైతే ఆలోచించక్కర్లేదు.

పన్నెండు జీబీ దగ్గర కథ మారుతుంది. పెద్ద గేమ్ ఒక్కటే ఒకటిన్నర నుంచి రెండు జీబీ తీసుకోవచ్చు. ఆడుతున్నంతసేపు దాని అంకె 0 కాబట్టి తక్కువ ర్యామ్ ఫోన్లో కూడా అది బతుకుతుంది, మిగతావి పోతాయి. మధ్యలో లేచి పావుగంట చాటింగ్, రీల్స్ చూసి వచ్చాక గేమ్ ఆపిన చోటే ఉండాలంటే పన్నెండు జీబీకి అర్థం ఉంది. ఫోన్లోనే వీడియో ఎడిటింగ్ చేసే యూట్యూబర్లకూ అంతే. మిగిలినవాళ్లకు ఎనిమిది నుంచి పన్నెండుకు వెళ్లే డబ్బు స్టోరేజీ మీదనో కెమెరా మీదనో పెడితే ఎక్కువ కనిపిస్తుంది. పదహారు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఐఫోన్ అంకెలను ఈ లెక్కలతో పోల్చకూడదు. ఐఫోన్ 15లో ఉన్నది ఆరు జీబీ, 16లో ఎనిమిది. యాప్‌లు వెనక్కి వెళ్లాక వాటిని ఎంత కఠినంగా ఆపాలన్న విషయంలో ఐఓఎస్ పద్ధతులు వేరు. ఆపిల్ తన ఫోన్ల వివరాల పేజీలో ర్యామ్ రాయదు కూడా.

ర్యామ్ మీద పడే తప్పుడు నిందలు

యూపీఐ యాప్ ప్రతిసారీ పిన్నో, వేలిముద్రో అడుగుతోందంటే అది ర్యామ్ కొరత కాదు. వెనక్కి వెళ్లిన కొద్దిసేపటికి తాళం వేసుకోవడం ఆ యాప్‌ల భద్రతా నియమం. ఇరవై నాలుగు జీబీ పెట్టినా అడుగుతుంది. ఫారం నింపుతూ పది, పదిహేను నిమిషాలు వదిలేస్తే లాగిన్ పేజీకి తీసుకెళ్లడం కూడా సర్వర్ పెట్టిన గడువు వల్లనే. ల్యాప్‌టాప్‌లో కూడా అలాగే అవుతుంది. ర్యామ్ వల్ల పోయిన ఫారానికి గడువుతో పని లేదు, కెమెరా తెరిచిన ముప్పై సెకన్లకే పోతుంది.

వాట్సాప్ మెసేజీలు యాప్ తెరిచేదాకా రాకపోవడం ఇంకోటి. కొన్ని కంపెనీల ఫోన్లలో బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల యాప్‌లను సాఫ్ట్‌వేరే ఆపేస్తుంది. పన్నెండు జీబీ ఉన్న ఫోన్లలోనూ ఇది జరుగుతుంది. ఆ యాప్‌కు బ్యాటరీ సెట్టింగ్‌లో ఆంక్షలు తీసేసి, ఆటోస్టార్ట్ ఉంటే అనుమతిస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది స్టోరేజీ విషయంలో. ఫ్యామిలీ గ్రూపుల్లో రోజూ వచ్చే శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలు కలిసి 64 జీబీ ఫోన్‌ను అంచుదాకా నింపేస్తాయి. స్టోరేజీ నిండాక రాయడం బాగా నెమ్మదిస్తుంది, ఫోన్ అంతా మందకొడిగా కదులుతుంది. ర్యామ్ చాలడం లేదని కొత్త ఫోన్ కొనేవాళ్లలో కొందరికి పది జీబీ ఖాళీ చేస్తే సరిపోయేది. ఒక్క యాప్ మాత్రమే తెరిచినా ఫోన్ నెమ్మదిగా ఉంటే ముందు స్టోరేజీ చూడాలి. ఒక్కటి తెరిస్తే బాగుండి, నాలుగు మార్చేసరికి మొదటివి పోతుంటే అప్పుడు ర్యామ్.

అనుమానం తీరకపోతే ఆండ్రాయిడ్‌నే అడగవచ్చు. ఆండ్రాయిడ్ 11 నుంచి ప్రతి యాప్ ఎందుకు ఆగిపోయిందో ఫోన్ రాసిపెట్టుకుంటుంది. సెట్టింగ్స్‌లో `Build number` మీద ఏడుసార్లు నొక్కితే `Developer options` తెరుచుకుంటుంది. అందులో `USB debugging` ఆన్ చేసి, కంప్యూటర్‌కు తగిలించి, ఫారం పోయిన వెంటనే ఇది కొట్టాలి.

```
adb shell dumpsys activity exit-info com.android.chrome
```

వచ్చిన వరుసల్లో సమయం చూసుకుని, దాని పక్కన `reason=3` అని ఉంటే ర్యామ్ చాలక తీసేసినట్టే. `reason=4` ఉంటే యాప్ తనంతట తానే క్రాష్ అయింది, ర్యామ్ పెంచినా లాభం లేదు. `reason=10` అంటే మీరే దాన్ని ఆపారు. కొన్ని ఫోన్లు ర్యామ్ కోతను విడిగా గుర్తించవు, అక్కడ `reason=2`, `status=9` అని మాత్రమే కనిపిస్తుంది. అది ఎవరో బలవంతంగా ఆపారని చెబుతుంది గానీ ఎందుకో తేల్చదు.

మీరే ఆపడం అంటే, రీసెంట్స్‌లోకి వెళ్లి అన్నింటినీ పైకి తోసేసే అలవాటు. ఎంతోమంది గంటకోసారి ఇది చేస్తారు. వెనకాల 900ల వరుసలో ఉన్న యాప్‌లను కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు గడ్డకట్టించి ఉంచుతాయి. అవి ర్యామ్‌లో చోటు ఆక్రమిస్తాయి గానీ ప్రాసెసర్‌ను వాడవు, కాబట్టి బ్యాటరీ కూడా తినవు. తోసేస్తే మాత్రం మళ్లీ తెరిచినప్పుడు అన్నీ మొదటి నుంచి చదవాలి. సమయం, బ్యాటరీ రెండూ అక్కడే ఎక్కువ పోతాయి. ఎనిమిది జీబీకి డబ్బు పెట్టి గంటకోసారి అన్నీ తోసేసేవాళ్లు నాలుగు జీబీ ఫోన్ అనుభవాన్నే కొనుక్కుంటున్నారు. ఏదైనా ఒక యాప్ బిగుసుకుపోతే దాన్ని మాత్రం తోసేస్తే చాలు.

కొత్త ఫోన్ వచ్చాక, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే ఒక పరీక్ష చేసి చూడాలి. మొదటి రోజు కాదు, మీ యాప్‌లన్నీ ఎక్కించి, అప్‌డేట్లు అయ్యాక రెండు మూడు రోజులకు. రోజూ వాడే ఏడెనిమిది యాప్‌లను వరసగా తెరిచి, ప్రతిదానిలో కొంచెం కిందికి జరిపి ఒక గుర్తు దగ్గర ఆపాలి. వాట్సాప్‌లో ఒక పాత మెసేజీ, యూట్యూబ్‌లో ఒక వీడియో మధ్య, క్రోమ్‌లో సగం నింపిన ఒక ఫారం. చివర కెమెరా తెరిచి నాలుగు ఫొటోలు తీయాలి. తర్వాత వచ్చిన దారినే వెనక్కి వెళ్తూ, ఎన్ని యాప్‌లు గుర్తు దగ్గరే ఉన్నాయో, ఎన్ని లోగో చూపించి మొదటి నుంచి లేచాయో లెక్కపెట్టాలి. మొదట తెరిచిన ఒకటి రెండు పోతే పట్టించుకోనక్కర్లేదు. సగం పోయి, క్రోమ్ ఫారం కూడా ఖాళీ అయితే ఆ వేరియంట్ మీ వాడకానికి చిన్నది, పై వేరియంట్‌కు మార్చుకోవడానికి ఇంకా సమయం ఉంది.